ముప్పై గంటల జీపీయూ ఎటు పోయింది? ఉచిత నోట్‌బుక్‌ల లెక్క, ఒక శనక్కాయ ప్రాజెక్టు సాక్షిగా

అనంతపురంలో ఇంజనీరింగ్ చివరి ఏడాది చదివే నలుగురు విద్యార్థుల ప్రాజెక్టు ఒకటి ఊహించుకుందాం. వేరుశనగ ఆకు ఫొటో ఇస్తే దానికి పట్టిన తెగులేమిటో చెప్పే మోడల్ తయారు చేయాలి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రాప్తాడు, గార్లదిన్నె వైపు చేలల్లో తిరిగి ఫోన్లతో 6000 ఫొటోలు తీశారు. వాటిని నాలుగు రకాలుగా వేరు చేశారు: ఆరోగ్యంగా ఉన్న ఆకు, తిక్క తెగుల్లో ముందుగా వచ్చే మచ్చ, ఆలస్యంగా వచ్చే మచ్చ, తుప్పు తెగులు. ఎవరి ల్యాప్‌టాప్‌లోనూ చెప్పుకోదగ్గ జీపీయూ లేదు. కాబట్టి కోలాబ్, కాగుల్ లాంటి క్లౌడ్ నోట్‌బుక్‌లే దిక్కు.

ఇక్కడ అందరూ మొదట అడిగే ప్రశ్న "ఎవరు ఎక్కువ గంటలు ఇస్తారు?" అని. కాగుల్ వారానికి సుమారు 30 గంటల జీపీయూ ఇస్తుంది. సేజ్‌మేకర్ స్టూడియో ల్యాబ్ రోజుకు 4 గంటలు, దాంతోపాటు చెదిరిపోని 15 జీబీ స్థలం ఇస్తూ వచ్చింది. కోలాబ్ ఉచిత ప్లాన్ మాత్రం ఇన్ని గంటలని మాట ఇవ్వదు. ఒక సెషన్ గరిష్ఠంగా 12 గంటల దాకా నడవొచ్చు, అది కూడా ఆ రోజు రద్దీని బట్టి. ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకుని ప్లాన్ ఎంచుకోవడం సులువే. కానీ పై ప్రాజెక్టు లాంటివి గంటలు చాలక ఆగిపోవడం తక్కువ. ఉన్న గంటలు ఎక్కడ ఖర్చవుతున్నాయో తెలియక ఆగిపోవడమే ఎక్కువ.

ముందు మీటరు సంగతి. జీపీయూ కోటా మీటరు ఆటో వెయిటింగ్ చార్జీ లాంటిది. బండి కదిలినా కదలకపోయినా తిరుగుతూనే ఉంటుంది. నోట్‌బుక్‌కి జీపీయూ తగిలించిన క్షణం నుంచి తీసేసే దాకా ఉన్న సమయమంతా లెక్కలోకి వస్తుంది. అందులో జీపీయూ నిజంగా ఎంతసేపు పని చేసిందన్నది ఎవరూ చూడరు.

మన నలుగురిలో ఒకరు శనివారం సాయంత్రం 7 గంటలకు కాగుల్ నోట్‌బుక్ తెరిచి జీపీయూ పెట్టాడనుకుందాం. లైబ్రరీలు దించుకుని, జిప్ విప్పేసరికి అరగంట. లేబుళ్ల ఫైల్లో ఒక కాలమ్ పేరు చివర స్పేస్ ఉంది. అది పట్టుకునేసరికి గంట. భోజనానికి లేచే ముందు ఒక పెద్ద సెల్ నడిపించి వెళ్లాడు. అది పదో నిమిషంలోనే ఎర్రర్ కొట్టి ఆగిపోయింది. తిరిగొచ్చి సరిచేసుకుని మళ్లీ మొదలుపెట్టి, 10.30కి ఆపేశాడు. మీటరు చూస్తే మూడున్నర గంటలు పోయాయి. ట్రైనింగ్ నడిచింది 50 నిమిషాలు. వారంలో ఇలాంటి సెషన్లు ఎనిమిదయ్యాయంటే ఆ వారం కోటా దాదాపు ఖాళీ. మోడల్ మాత్రం మొదటి మెట్టు దగ్గరే ఉంటుంది.

దీనికి విరుగుడు చిన్నదే. కాగుల్‌లో జీపీయూ లేని నోట్‌బుక్ వాడితే ఈ కోటా తరగదు. రకానికి 15 చొప్పున 60 ఫొటోలు తీసుకుని, జీపీయూ పెట్టకుండా, ఒకే ఒక్క ఎపాక్, అంటే ఆ ఫొటోలన్నింటి మీద ఒక చుట్టు ట్రైనింగ్, మొదటి నుంచి చివరిదాకా నడపాలి. ఫైల్ దారులు, లేబుళ్లు, కొలతల తేడాలు, చివర సేవ్ చేసే లైను, అన్నీ అక్కడే తేలిపోతాయి. ఎర్రర్ లేకుండా కింది సెల్ దాకా వచ్చాకే జీపీయూ పెట్టాలి. మార్చినప్పుడు సెషన్ మళ్లీ కొత్తగా మొదలవుతుంది. 60 ఫొటోల పనికి అదేమంత నష్టం కాదు.

ఇక అసలు దొంగ దగ్గరికి వద్దాం. ఇది మీటరులోనూ కనబడదు, ఎర్రర్ గానూ రాదు.

ఫోన్లో తీసిన ఒక్కో ఫొటో 12 మెగాపిక్సెళ్లు, సుమారు 4 ఎంబీ. 6000 ఫొటోలంటే 24 జీబీ. గూగుల్ డ్రైవ్ ఉచిత స్థలం 15 జీబీ, అది కూడా జీమెయిల్‌తో కలిపి. అంటే ఫొటోలు అందులో పట్టనే పట్టవు. హాస్టల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకు 2 జీబీ డేటాతో ఎక్కించాలంటే 12 రోజులు. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉండి, అప్‌లోడ్ సెకనుకు 20 మెగాబిట్లు నిలకడగా వచ్చినా రెండున్నర గంటలు దాటుతుంది. ఈ దశలోనే చాలామంది "ఎక్కువ స్టోరేజీ ఉన్న ప్లాన్ కొనాలి" అనే నిర్ణయానికి వచ్చేస్తారు. సమస్య స్టోరేజీదే అయితే ఆ నిర్ణయం సరైనదే. కానీ ఇక్కడ సమస్య స్టోరేజీది కాదు.

డబ్బు పెట్టి స్థలం కొని, 24 జీబీ ఎక్కించేశారే అనుకుందాం. ట్రైనింగ్‌లో ప్రతి ఎపాక్‌కీ ప్రతి ఫొటోనూ తెరవాలి, 12 మెగాపిక్సెళ్ల జేపెగ్‌ను విప్పాలి, దాన్ని చిన్నది చేసి జీపీయూకి ఇవ్వాలి. మామూలుగా రాసే కోడ్‌లో ఈ విప్పే పని చేసేది జీపీయూ కాదు, సీపీయూ. ఒక్కో ఫొటోకి ఒక కోర్ మీద సెకనులో పదో వంతుకు అటూ ఇటూ పడుతుంది. కోలాబ్ ఉచిత ప్లాన్‌లో దొరికేవి 2 కోర్లు. సెకనులో పదో వంతుకు కాస్త పైన, 0.12 అని పట్టుకుంటే, 6000 ఫొటోలు, 2 కోర్లు: ఎపాక్‌కి 6 నిమిషాలు. ఆ 6 నిమిషాల్లో ఎక్కువసేపు జీపీయూ పళ్లెం ముందు పెట్టుకుని వడ్డన కోసం ఎదురు చూస్తూ ఉంటుంది. 40 ఎపాక్‌లకు 4 గంటలు.

ఇది జరుగుతోందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. ట్రైనింగ్ నడుస్తుండగా టెర్మినల్లో `nvidia-smi` కొట్టి, GPU-Util అన్న గడి చూడాలి. పది సెకన్లకోసారి నాలుగైదు సార్లు చూసినా 0, 8, 0, 35 ఇలా ఎగిరి పడుతుంటే జీపీయూ ఆకలితో ఉందన్నమాట. 90 పైన నిలకడగా ఉంటే పని దాని చేతిలోనే ఉంది. టెర్మినల్ లేకపోతే కాగుల్‌లో పక్కన కనిపించే వాడకం మీటర్లు చూసినా చాలు. సీపీయూ నిండుగా, జీపీయూ ఖాళీగా ఉంటే జవాబు అదే.

చేయాల్సింది ఫొటోలను ముందే, ల్యాప్‌టాప్‌లోనే, ఒక్కసారి చిన్నవి చేసి పెట్టుకోవడం. ఎంత చిన్నవి? ఇక్కడ తొందర పడితే ప్రాజెక్టే పోతుంది. తిక్కలో ముందుగా వచ్చే మచ్చ గోధుమ రంగులో ఉండి, చుట్టూ పసుపు వలయం ఉంటుంది. ఆలస్యంగా వచ్చేది ముదురుగా, ఆకు అడుగున దాదాపు నల్లగా కనిపిస్తుంది. ఆ రెండింటినీ వేరు చేయడంలో ఆ పసుపు వలయానికి పెద్ద పాత్ర ఉంది. ఫొటోలో అడ్డంగా 10 సెంటీమీటర్ల మేర ఆకులు పట్టాయనుకుంటే, 224 పిక్సెళ్లకు కుదిస్తే మిల్లీమీటరుకు 2 పిక్సెళ్లే మిగులుతాయి. 2 మిల్లీమీటర్ల లేత మచ్చ 4, 5 పిక్సెళ్ల చుక్క అయిపోతుంది. వలయం గల్లంతు. 512కి కుదిస్తే అదే మచ్చకు 10 పిక్సెళ్లు దక్కుతాయి, వలయం అంచు కనబడుతుంది. కాబట్టి ఈ పనికి 512 సబబు. ఇంకో పంటకో, ఇంకో తెగులుకో అంకె మారుతుంది గానీ లెక్క వేసే తీరు ఇదే.

```python
from PIL import Image, ImageOps
im = ImageOps.exif_transpose(Image.open(src)).convert("RGB")
im.thumbnail((512, 512))
im.save(dst, quality=90)
```

`exif_transpose` మర్చిపోతే నిలువుగా తీసిన ఫొటోలు అడ్డం తిరిగి సేవ్ అవుతాయి. ఆకుకు దిక్కుతో పెద్ద పట్టింపు లేదు గానీ, మనుషుల ఫొటోలో కాగితాలో అయితే అది పెద్ద తలనొప్పే.

ఇలా కుదించాక ఒక్కో ఫొటో 70 కేబీ దగ్గర ఉంటుంది. మొత్తం కలిపి 420 ఎంబీ. 24 జీబీ ఎక్కడ, ఇది ఎక్కడ! హాట్‌స్పాట్ మీద ఒక్క పూటలో ఎక్కుతుంది. డ్రైవ్‌లో ఓ మూలన పడి ఉంటుంది. స్టోరేజీ పరిమితి అన్న మాటే ఈ ప్రాజెక్టుకు అక్కర్లేకుండా పోయింది. అంతకంటే ముఖ్యం, చిన్న ఫొటో విప్పడానికి సీపీయూకి పట్టే సమయం మిల్లీసెకన్లలోకి దిగుతుంది. ఇప్పుడు వేగాన్ని నిర్ణయించేది జీపీయూనే. రెస్‌నెట్-50 లాంటి మోడల్‌ని ఈ సైజు ఫొటోల మీద టీ4 జీపీయూలో నడిపితే ఎపాక్ 2 నిమిషాల లెక్కన పట్టుకోవచ్చు. 40 ఎపాక్‌లకు గంటా ఇరవై నిమిషాలు. 4 గంటల పని గంటన్నర లోపుకి వచ్చింది, ఒక్క రూపాయి పెట్టకుండా. ఇలాంటి ప్రాజెక్టులో సెట్టింగులు మార్చి మార్చి ఐదారు సార్లు నడపాల్సి వస్తుంది. అప్పుడు తేడా 24 గంటలకీ 8 గంటలకీ. మొదటిది వారం కోటాను దాదాపు మింగేస్తుంది, రెండోదాంట్లో ఇంకా బోలెడు మిగులుతుంది.

కోలాబ్‌లో మరో మాట. ఫొటోలను డ్రైవ్‌లో విడివిడిగా పెట్టి నేరుగా అక్కడి నుంచే చదివించకూడదు. వేల కొద్దీ చిన్న ఫైళ్లను ఒక్కొక్కటిగా తెప్పించుకోవడంలో డ్రైవ్ మహా నెమ్మది. ఒకే జిప్‌గా పెట్టి, సెషన్ మొదట్లో దాన్ని `/content` లోకి తెచ్చుకుని విప్పుకోవాలి. కాగుల్‌లో అయితే ప్రైవేట్ డేటాసెట్‌గా ఒకసారి ఎక్కిస్తే, ఏ నోట్‌బుక్‌లో తెరిచినా `/kaggle/input` కింద సిద్ధంగా ఉంటుంది.

ఇక సెషన్ తెగిపోవడం. తెగడంలో రకాలున్నాయి, వాటిని కలిపేసి చూడటం వల్లే సగం గందరగోళం.

ట్యాబ్ ముందు మనిషి లేకుండా కొంతసేపు గడిస్తే వచ్చేది ఐడిల్ టైమౌట్. గ్రామాల వైపు సాయంత్రం కరెంటు పోయి రౌటర్ ఆగినా, ల్యాప్‌టాప్ మూసి బస్సెక్కినా సర్వరుకు కనిపించేది ఒక్కటే: అవతల ఎవరూ లేరు. రెండోది సెషన్ గరిష్ఠ కాలం. మనిషి కళ్లార్పకుండా కూర్చున్నా 12 గంటలకు అది ముగుస్తుంది. బ్రౌజర్లో దానంతటదే క్లిక్ చేసే స్క్రిప్టులు పెట్టి కోలాబ్‌ను మభ్యపెట్టే చిట్కాలు కాలేజీల్లో చేతులు మారుతుంటాయి. అవి పని చేసినా మొదటి గడియారాన్నే మోసం చేయగలవు, రెండోదాన్ని కాదు. పైగా వాడకం ఎక్కువైన ఖాతాకు కోలాబ్ కొంతకాలం జీపీయూ ఇవ్వడమే మానేస్తుంది. ఉట్టికెగిరి ఉన్నది పోగొట్టుకోవడమే.

మూడోది అసలు తెగడమే కాదు. మెమరీ నిండి కెర్నల్, అంటే మన కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్, పడిపోవడం. కోలాబ్ ఉచిత మెషీన్లో ర్యామ్ 12 జీబీ పైచిలుకు. ఫొటోలన్నింటినీ ఒకే జాబితాలోకి చదివేసుకుంటే అది నిండిపోతుంది. తెరమీద "Your session crashed after using all available RAM" అని వస్తుంది. దీన్ని టైమౌట్ అనుకుని "ఈ ప్లాన్‌లో సెషన్ గంట కూడా నిలవదు" అని తిట్టుకునేవాళ్లున్నారు. తేడా తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మళ్లీ కనెక్ట్ అయ్యాక ఈ లైను నడపాలి:

```
!ls /content
```

విప్పి పెట్టుకున్న ఫొటోల ఫోల్డర్ ఇంకా అక్కడే ఉంటే మెషీన్ బతికే ఉంది, కెర్నల్ ఒక్కటే పడి లేచింది. అది మన కోడ్ తప్పు, ప్లాన్ తప్పు కాదు. డబ్బు కట్టి ఎక్కువ గంటల సెషన్ కొన్నా అదే చోట మళ్లీ పడుతుంది. మొదట ఉండే `sample_data` తప్ప ఇంకేమీ లేకపోతే మెషీన్ పోయి కొత్తది వచ్చింది. అంటే ఐడిల్ టైమౌటో, గరిష్ఠ కాలమో. ఎన్ని గంటలకు పోయిందో చూసుకుంటే ఆ రెండింటిలో ఏదో తెలిసిపోతుంది.

ఐడిల్ టైమౌట్ బాధ లేకుండా నడపడానికి కాగుల్‌లో చక్కని దారి ఉంది. Save Version నొక్కి, Save & Run All ఎంచుకుంటే నోట్‌బుక్ మొదటి సెల్ నుంచి చివరిదాకా వాళ్ల దగ్గరే వెనకాల నడుస్తుంది. బ్రౌజర్ మూసేయొచ్చు, కరెంటు పోవచ్చు, ఏమీ కాదు. `/kaggle/working` లో రాసిన ఫైళ్లు 20 జీబీ దాకా ఆ వెర్షన్‌తో పాటు నిలుస్తాయి. పని ముగియగానే మీటరు కూడా ఆగుతుంది. మన నలుగురికి రాత్రి పూట పెట్టి పడుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు. ఒకటే జాగ్రత్త: ఎడిటర్లో తెరిచి ఉన్న సెషన్‌ను ఆపకుండా ఇది మొదలుపెడితే రెండూ జీపీయూ పట్టుకుని కూర్చుంటాయి, కోటా రెండు వైపులా కారుతుంది. కోలాబ్‌లో బ్రౌజర్ మూసినా నడిచే వసతి పై స్థాయి ప్లాన్ అయిన ప్రో ప్లస్‌లోనే ఉంది.

12 గంటల గడియారానికి మందు చెక్‌పాయింట్, అంటే ట్రైనింగ్ ఎక్కడి దాకా వచ్చిందో మధ్యమధ్యలో ఫైల్లో దాచుకోవడం. దాని గురించి అందరికీ తెలుసు, సగం మంది సగమే సేవ్ చేస్తారు. మోడల్ బరువులు ఒక్కటే దాచుకుంటే కుదరదు. ఆప్టిమైజర్, లెర్నింగ్ రేట్ షెడ్యూలర్, ఎపాక్ సంఖ్య కూడా కావాలి.

```python
import os, time, torch

t0 = time.time()
for epoch in range(start, 40):
    train_one_epoch()
    torch.save({"epoch": epoch + 1,
                "model": model.state_dict(),
                "opt": opt.state_dict(),
                "sched": sched.state_dict()}, "last.tmp")
    os.replace("last.tmp", "last.pt")
    if time.time() - t0 > 10.5 * 3600:
        break
```

`start` మొదటిసారి 0, తిరిగి మొదలుపెట్టినప్పుడు `last.pt` లో దాచిన ఎపాక్ సంఖ్య. కోలాబ్‌లో అయితే ఈ రెండు ఫైళ్ల పేర్ల ముందు డ్రైవ్ ఫోల్డర్ దారి పెట్టాలి, లేకపోతే మెషీన్‌తో పాటే అవీ పోతాయి. ముందు `last.tmp` కి రాసి తర్వాత పేరు మార్చడం ఎందుకంటే, రాస్తున్న మధ్యలో మెషీన్ పోతే పాత మంచి ఫైల్ చెడిపోకూడదు. చివరి షరతు, వాళ్లు ఆపే ముందే మనం మర్యాదగా ఆగడానికి. తిరిగి మొదలుపెట్టాక లాస్ హఠాత్తుగా పైకి లేచి, మళ్లీ నాలుగైదు ఎపాక్‌లకు గానీ దిగకపోతే ఆప్టిమైజరో షెడ్యూలరో తిరిగి లోడ్ కాలేదని అర్థం.

లాస్ లేవడం కంటే ప్రమాదకరమైనది, తిరిగి మొదలుపెట్టాక వ్యాలిడేషన్ మార్కులు హఠాత్తుగా పెరగడం. 84 శాతం దగ్గర ఆగిన మోడల్ తెల్లారి 96 చూపిస్తే సంబరపడతారు. చాలాసార్లు జరిగింది ఇది: ఫొటోలను ట్రైనింగ్‌కి, పరీక్షకి విడదీసే సెల్, ప్రతిసారీ ఒకేలా విడదీసేట్టు చేసే సీడ్ లేకుండా మళ్లీ నడిచింది, కొత్తగా విడదీసింది. నిన్న చదివిన ఫొటోలే ఈ రోజు పరీక్షలో వచ్చాయి. ప్రశ్నపత్రం లీకైనట్టే. విడదీసిన జాబితాను ఒక సీఎస్‌వీ ఫైల్లో మొదటి రోజే రాసుకుని, ఎప్పుడూ దాన్నే చదవాలి. ఆ జాబితాను చేల వారీగా విడదీస్తే ఇంకా మంచిది. ఒకే మొక్క ఫొటోలు రెండు వైపులా ఉన్నా ఇదే లీకు.

చెక్‌పాయింట్లతో స్టోరేజీ పరిమితి దొడ్డిదారిన తిరిగొస్తుంది. రెస్‌నెట్-50లో రెండున్నర కోట్ల పైన అంకెలుంటాయి, ఒక్కోటి 4 బైట్లు. బరువులే 100 ఎంబీ. ఆడమ్ ఆప్టిమైజర్ ప్రతి అంకెకూ మరో రెండు దాచుకుంటుంది, కాబట్టి పూర్తి చెక్‌పాయింట్ 300 ఎంబీ. ఎపాక్‌కి ఒక కొత్త పేరుతో డ్రైవ్‌లో దాస్తే 40 ఎపాక్‌లకు 12 జీబీ. పాతవి తీసేసినా అవి చెత్తబుట్టలోకి వెళతాయి గానీ, బుట్ట ఖాళీ చేసే దాకా స్థలం వాటిదే. 15 జీబీ నిండితే చెక్‌పాయింట్ రాయడం ఆగుతుంది. ఇంకా ఘోరం, అదే ఖాతాకు జీమెయిల్ రావడం కూడా ఆగిపోవచ్చు. ప్లేస్‌మెంట్ సీజన్లో ఆకుమచ్చ తెగులు ఇంటర్వ్యూ మెయిల్‌ను అడ్డుకోవడమంటే ఇదే. చివరి చెక్‌పాయింట్ ఒకటి, అన్నింట్లో మంచి మార్కులు తెచ్చుకున్న బరువులు ఒకటి, రెండే ఫైళ్లు ఉంచుకుంటే మొత్తం 400 ఎంబీ దగ్గర ఉంటుంది.

డబ్బు కట్టే ప్లాన్ల లెక్క వేరు. కోలాబ్ 2022 నుంచి గంటలు కాక కంప్యూట్ యూనిట్లు అమ్ముతోంది. 90 రోజుల్లో వాడకపోతే అవి మురిగిపోతాయి. గంటకు ఎన్ని యూనిట్లు కరుగుతున్నాయో Resources ప్యానెల్లో కనిపిస్తుంది, ఆ రేటు జీపీయూని బట్టి మారుతుంది. టీ4కి గంటకు 1.8 అని, ఏ100కి 12 అని చూపిందనుకుందాం. 100 యూనిట్లతో మొదటిది 55 గంటలు, రెండోది 8 గంటల పైన. ఏ100 తీసుకోవడం లాభం కావాలంటే పనిని ఆరేడు రెట్ల వేగంగా ముగించాలి. పెద్ద భాషా మోడళ్లు టీ4 మెమరీ 16 జీబీలో పట్టనప్పుడు వేరే దారి లేదు, అది తీసుకోవాల్సిందే. మన శనక్కాయ ఫొటోలను కుదించకుండా 12 మెగాపిక్సెళ్లతోనే దాని మీద పెడితే మాత్రం, అడ్డంకి సీపీయూ దగ్గరే కాబట్టి, ఆ జీపీయూ ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుంది. యూనిట్లు మాత్రం గంటకు ఆరేడు రెట్లు కరుగుతాయి. ఇదే మీటరు, ఇప్పుడు రూపాయల్లో తిరుగుతోంది, అంతే.

యూనిట్లు కొన్నవాళ్లు మర్చిపోయి తెరిచి వదిలేసే ట్యాబ్ ఒక్కటి చాలు, ఐడిల్ టైమౌట్ వచ్చే దాకా డబ్బు పోతూనే ఉంటుంది. నోట్‌బుక్ చివరి సెల్లో ఈ మూడు లైన్లు రాసి పెట్టుకుంటే, డ్రైవ్‌లోకి వెళ్లాల్సిన ఫైళ్లు పూర్తిగా వెళ్లాక మెషీన్‌ను అదే వదిలేస్తుంది.

```python
from google.colab import drive, runtime
drive.flush_and_unmount()
runtime.unassign()
```

వరుస ముఖ్యం. డ్రైవ్‌కి రాసిన ఫైల్ వెంటనే అవతలికి చేరిపోదు, కాసేపు మెషీన్లోనే ఉండి వెనకాల వెళుతుంది. మూడో లైను ముందుగా నడిస్తే చివరి చెక్‌పాయింట్ దారిలోనే పోవచ్చు.